క్యాలిబ్రేషన్ షీట్‌ను సర్టిఫికెట్లకు వాడే ముందు ఎలా పరీక్షించాలి?

"థర్మామీటర్ క్యాలిబ్రేషన్‌కు ఎక్సెల్ షీట్ చేశాను. పాత జాబ్‌తో పోల్చితే సరిపోయింది. అది చాలా?"

చాలదండీ. పాత షీట్‌లో తప్పుంటే అదే కొత్తదానిలోకీ వచ్చి ఉండొచ్చు. జవాబు ముందే తెలిసిన అంకెలు ఇచ్చి చూడండి.

మొదట కరెక్షన్. రిఫరెన్స్‌కు 50 డిగ్రీల దగ్గర +0.04, 100 దగ్గర −0.02 అని పెట్టి, రీడింగ్ 75.00 ఇవ్వండి. 75.01 రావాలి. 74.99 వస్తే గుర్తు తిరగబడింది. 75.04 వస్తే షీట్ ఇంటర్‌పొలేషన్ చేయకుండా పై వరుస విలువనే తీసుకుంటోంది.

అన్‌సర్టెనిటీకి నేను నమ్మే పద్ధతి, ఒక్క అంశం ఉంచి మిగతావన్నీ సున్నా చేయడం. రిఫరెన్స్ సర్టిఫికెట్‌లో 0.06 (k = 2) ఉంటే, అదొక్కటే ఉన్నప్పుడు చివర్లో మళ్లీ 0.06 రావాలి. 0.12 వచ్చిందంటే 2తో భాగించడం మర్చిపోయారు. ఈ తప్పే ఎక్కువగా చూశాను. తర్వాత 0.1 రిజల్యూషన్ ఒక్కటే ఉంచితే 0.058 రావాలి. రెండూ కలిపితే 0.083.

రిపీటబిలిటీలో ఐదు రీడింగుల్లో ఒకటి ఖాళీగా వదిలి చూడండి. ఫార్ములాలో 5 నేరుగా రాసి ఉంటే విలువ తప్పుగా తగ్గుతుంది. ఇలా రాయండి:

```
=STDEV.S(B5:B9)/SQRT(COUNT(B5:B9))
```

`STDEV.P` వాడితే ఐదు రీడింగులకు సుమారు 11 శాతం తక్కువ చూపిస్తుంది.

ఈ అంకెలు, చేత్తో చేసిన లెక్క, వెర్షన్ నంబర్ రికార్డు చేసి ఫార్ములా సెల్స్ లాక్ చేయండి. ఫార్ములా ఏది మార్చినా ఇవన్నీ మళ్లీ నడపాలి.