రిపోర్టులో డీఎస్‌సీఆర్ 1.8 ఉన్నా మేనేజరు ఎందుకు ఒప్పుకోవట్లేదు?

ప్రశ్న: బొబ్బిలిలో మా పిండిమిల్లు పెంచుదామని టర్మ్ లోనుకి వెళ్లాను. ఆడిటర్ గారు వేసిన రిపోర్టులో డీఎస్‌సీఆర్ 1.8 వచ్చింది. బ్యాంకు మేనేజరు మాత్రం "లెక్క నిలబడదు" అంటున్నారు. ఆయన ఏం చూస్తున్నట్టు?

జవాబు:

నాది పలాసలో జీడిపప్పు యూనిట్. కటింగ్ మెషిన్లు, డ్రైయర్ కోసం 30 లక్షల లోను అడిగినప్పుడు నాకూ ఇదే ఎదురైంది. నా అంకెలే చెబుతాను, మీ రిపోర్టు పక్కన పెట్టుకుని చూడండి.

డీఎస్‌సీఆర్ అంటే, ఏడాదిలో లోను కట్టడానికి మన చేతిలో ఉండే డబ్బుని, ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీ మొత్తంతో భాగించడమే. చేతిలో ఉండే డబ్బు అంటే పన్ను పోగా మిగిలిన లాభం, తరుగుదల, టర్మ్ లోను వడ్డీ కలిపి. తరుగుదల పుస్తకంలో రాసే ఖర్చే గాని జేబులోంచి పోదు కాబట్టి తిరిగి కలుపుతారు. సరుకు కొనుగోలుకి వాడుకునే సీసీ లిమిట్ వడ్డీ మాత్రం కలపరు, కింద భాగించే కిస్తీ మొత్తంలో అది ఉండదు గనక.

మా రిపోర్టులో మొదటి ఏడాది అమ్మకాలు 2 కోట్లు. లాభం 8 లక్షలు, తరుగుదల 4.5, వడ్డీ 3, మొత్తం 15.5 లక్షలు. అయిదేళ్ల లోను కనుక అసలు 6, వడ్డీ 3, కట్టాల్సింది 9 లక్షలు. అంటే 1.72. చాలా బ్యాంకులు సగటున 1.5 దాకా ఆశిస్తాయి, కాబట్టి పని అయిపోయిందనుకున్నాను.

మేనేజరు గారు ఆ 1.72 వైపు చూడనే లేదు. నా జీఎస్టీ రిటర్నులు తీసి, "పోయిన ఏడాది కోటి చిల్లర అమ్మారు. మెషిన్ వచ్చిన ఏడాదే రెండు కోట్లా? అన్ని పిక్కలు ఎక్కడ కొంటారు, ఏ డబ్బుతో కొంటారు?" అని అడిగారు. పిక్కలు వేసవిలోనే దొరుకుతాయి, అప్పుడే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలి. నా సీసీ లిమిట్ అంత సరుక్కి చాలదు. ఆ ముక్క రిపోర్టు వేసినవాళ్లకి గాని నాకు గాని తట్టలేదు.

ఆయన అమ్మకాలని 1.62 కోట్లకి దించారు. ఇక్కడే అసలు సంగతి ఉంది. అమ్మకాలు అయిదో వంతు తగ్గితే లాభం కూడా అయిదో వంతే తగ్గుతుందని అనుకుంటాం. కాని జీతాలు, అద్దె, వడ్డీ, తరుగుదల అలాగే నిలబడి ఉంటాయి. 8 లక్షల లాభం 3.5కి పడిపోయింది. చేతిలో డబ్బు 11 లక్షలు, 9తో భాగిస్తే 1.22.

తర్వాత ఆయన అడిగినది నన్ను నిజంగా ఆలోచింపజేసింది: "ఇంటి ఖర్చుకి నెలకెంత తీస్తారు?" నాది ప్రొప్రైటర్‌షిప్, నా జీతం ఖర్చుల్లో లేదు. నెలకి 20 వేలంటే ఏడాదికి 2.4 లక్షలు. 11లోంచి అది పోతే 8.6. 9తో భాగిస్తే ఒకటికి లోపే, 0.96. అంటే ఇల్లు గడుపుకుంటూ కిస్తీ కట్టాలంటే ఏడాదికి 40 వేలు బయట అప్పు చెయ్యాలి. రిపోర్టులో 1.72, నా ఇంట్లో 0.96.

ఆయన లోను కాదనలేదు, మార్చమన్నారు. నా వాటా మరో 6 లక్షలు పెంచి, లోను 24 లక్షలకి తగ్గించి, గడువు ఏడేళ్లు చేశాం. అసలు 3.4, వడ్డీ 2.5, మొత్తం 5.9 లక్షలు. వడ్డీ తగ్గినంత లాభం పెరుగుతుంది గనక పై అంకె అలాగే 8.6 ఉంది. ఇప్పుడు 1.46 వచ్చింది.

అయినా ఇంకొకటి వేసి చూపించారు. పిక్కల ధర 3 శాతం పెరిగి పప్పు ధర పెరగకపోతే? 1.2 కోట్ల సరుకు మీద 3.6 లక్షలు పోతాయి, అప్పుడు మిగిలేది 5 లక్షలు, అంటే 0.85. మాలాంటి పల్చటి మార్జిన్ల వ్యాపారంలో ఏ కూర్పైనా దీన్ని పూర్తిగా తట్టుకోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడితోటల్ని ఎలా పడగొట్టిందో మేం చూశాం, అందుకే ఆ ప్రశ్న అతిగా అనిపించలేదు. రెండు కిస్తీలకి సరిపడా డిపాజిట్ పక్కన పెట్టాను, చెడు ఏడాదిలో ఆ లోటు దాంతో పూడుతుంది.

మీ 1.8 సగటా, ఏ ఒక్క ఏడాదిదా అన్నది ముందు చూడండి. మారటోరియం ఉంటే ఆ మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు కాబట్టి డీఎస్‌సీఆర్ ఎక్కువగా కనబడి సగటుని పైకి లాగుతుంది. మేనేజరు మాత్రం అన్నిటికంటే తక్కువున్న ఏడాదిని చూస్తారు. ఆడిటర్ గారి దగ్గర ఎక్సెల్ ఫైలే తీసుకోండి. అమ్మకాల గడిలో మీ పోయిన ఏడాది రిటర్నుల మీద నమ్మకంగా పెంచగలిగినంతే వేసి, ఇంటి ఖర్చు తీసేసి, వచ్చిన అంకెతో మళ్లీ మేనేజరు గారిని కలవండి.