ఇంగ్లీషు మీదుగా వెళ్తే కాయ పండైంది

సందేహం: బెంగళూరులో ఇంటి దగ్గరే పచ్చళ్ళు చేసి అమ్ముతుంటాను. సీసాల మీద తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా వేయిద్దామని ఒక్కో మాటనీ ఫోన్‌లో ముందు ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి ఆ భాషల్లోకి మార్చుకున్నాను. మామిడికాయ పచ్చడి సీసా చూసి తమిళావిడ ఒకరు ‘మీరు పండుతో కూడా పెడతారా?’ అని నవ్వారు. గోంగూర సీసా మీద వేరే ఆకు పేరుందని ఇంకొకరు అన్నారు. తప్పు ఎక్కడ జరిగింది? నేరుగా చూసుకునే దారి ఏదైనా ఉందా?

సమాధానం: ముందు మామిడికాయ సంగతి చూద్దాం. మనకు కాయ వేరు, పండు వేరు. తమిళంలో కాయ్, పళం. కన్నడంలో కాయి, హణ్ణు. మూడు భాషల వాళ్ళూ ఈ తేడా ఒకేలా పాటిస్తారు. ఇంగ్లీషులో మాత్రం రెంటికీ కలిపి మ్యాంగో ఒక్కటే. మీరు మామిడికాయ అని ఇవ్వగానే అది మ్యాంగో అయింది, ‘కాయ’ అక్కడే రాలిపోయింది. ఆ తర్వాత తమిళ నిఘంటువుకు చేరింది మ్యాంగో ఒక్కటే కాబట్టి, అది మామూలుగా ఇచ్చే మాంపళం ఇచ్చింది. కన్నడం మావినహణ్ణు ఇచ్చింది. నేరుగా వెళ్ళుంటే మాంగాయ్, మావినకాయి దొరికేవి.

ఇందులో ఒక తమాషా ఉంది. మ్యాంగో అన్నమాట పోర్చుగీసువాళ్ళు మన మలబారు తీరంలో విని పట్టుకెళ్ళిందే. మలయాళంలో మాఙ్ఙ అంటారు, తమిళంలో మాంగాయ్. మా అంటే మామిడి, వెనకున్నది కాయ. అంటే ఆ ఇంగ్లీషు మాట కడుపులో కాయ ఉంది, కానీ పలికేవాళ్ళకు అది తెలీదు. అందుకే మన కాయ అటు వెళ్ళి పండై తిరిగొచ్చింది.

పచ్చడి అన్నమాట ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లీషులో పికిల్ అని మార్చుకుంటే ఫరవాలేదు, అదృష్టం కొద్దీ తమిళంలో ఊరుకాయ్, కన్నడంలో ఉప్పినకాయి అనే వస్తాయి. మొదటిది మన ఊరగాయే. రెండోది ఉప్పులో వేసిన కాయ. చట్నీ అని మార్చుకుంటే ఇడ్లీ పక్కన వేసుకునే పదార్థం అయిపోతుంది. పోనీ, ఇంగ్లీషు జోలి వద్దు, పచ్చడి తమిళంలోనూ ఉంది కదా, అదే రాసేద్దాం అనుకున్నారనుకోండి, అప్పుడు మరీ తిప్పలు. తమిళుల పచ్చడి సాధారణంగా పెరుగులో కలిపేది. మాంగాయ్ పచ్చడి అంటే వాళ్ళకు ఏప్రిల్‌లో సంవత్సరాది నాడు బెల్లం వేసి చేసే తియ్యటి వంటకం గుర్తొస్తుంది, మన ఉగాది పచ్చడికి చుట్టంలాంటిది. ఆవపిండీ నూనే తేలే మీ సీసా మీద ఆ పేరు చూస్తే ఏమనుకుంటారో ఊహించండి. అవసరం అనే మాటా అంతే. మనకు అది కావలసి రావడం, తమిళ కన్నడాల్లో తొందర. కాబట్టి నేరుగా వెళ్ళడమంటే ఒకేలా వినిపించిన మాటను తెచ్చి పెట్టేయడం కాదు.

ఇక గోంగూర. ఇది మ్యాంగో కన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే అక్కడ కాయ పండైంది గానీ చెట్టు మారలేదు. ఇక్కడ మొక్కే మారిపోయింది. గోంగూరకు ఇంగ్లీషులో చాలామంది సారెల్ అని రాస్తారు. సారెల్ అసలు రూమెక్స్ జాతి మొక్కల పేరు, ఆ జాతిలో మనకున్నది చుక్కకూర. గోంగూరేమో మందారం జాతి, హైబిస్కస్. రెండూ పులుపే కాబట్టి ఇంగ్లీషు ఒకే పేరుతో సరిపెట్టుకుంది. సారెల్‌కు తమిళం వెతికితే సుక్కాన్ కీరై వస్తుంది, అది చుక్కకూర. గోంగూరకు తమిళంలో పుళిచ్చకీరై, కన్నడంలో పుండి సొప్పు. తెలంగాణలో దాన్నే పుంటికూర అంటారని మీకు తెలిసే ఉంటుంది. కన్నడ పుండి, మన పుంటి పక్కపక్కనే ఉన్నాయి, కోస్తా మాటతో బయల్దేరడం వల్ల కనపడలేదంతే. చేపలకు, ఆకుకూరలకు, దినుసులకు మధ్యలో ఒక భాష తప్పదనుకుంటే ఇంగ్లీషు పేరు కాకుండా శాస్త్రీయ నామం పెట్టుకోండి. అది ఒక మొక్కకు ఒకటే ఉంటుంది.

అయితే ఇంగ్లీషును పూర్తిగా వదిలేయమని అనలేను. మన పెద్ద నిఘంటువుల చరిత్రే అలా నడిచింది. బ్రౌన్ తెలుగుకు అర్థాలు ఇంగ్లీషులో రాశాడు, 1894లో కిట్టెల్ కన్నడానికీ అంతే. తెలుగు నుంచి కన్నడానికి వెళ్ళాలన్నా చాలాసార్లు ఈ ఇద్దరి మధ్య ఉన్న ఇంగ్లీషు గుమ్మమే దాటాలి. దాటేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవాలి, అంతే.

ఎలాగో కారం మాటతో చూపిస్తాను. మీ సీసాల మీద ‘కారం ఎక్కువ’ అని ఉంటుంది కదా. కారానికి ఇంగ్లీషులో స్పైసీ, పంజెంట్, హాట్ అని మూడు రాసుకోండి. ఒక్క హాట్‌తో తమిళంలోకి వెళ్తే సూడు, కారం రెండూ కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి? రెంటినీ మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పండి. సూడుకు హీట్, హాట్, వార్మ్ అని వస్తాయి. కారానికి స్పైసీ, పంజెంట్, హాట్ వస్తాయి. మీ జాబితాతో కలిసినవి లెక్కపెడితే సూడుకు ఒకటి, కారానికి మూడు. కాబట్టి రెండోదే సరైనది. కన్నడంలో కూడా ఇలాగే బిసి పోయి ఖార నిలుస్తుంది. బిసిబేళేబాత్‌లో బిసి అంటే వేడి అని బెంగళూరులో ఉండే మీకు చెప్పక్కర్లేదు. 1994లో తనక, ఉమెమురా అనే జపాన్ పరిశోధకులు ఇంగ్లీషు మీదుగా జపనీస్–ఫ్రెంచి నిఘంటువు కూర్చడానికి చెప్పిన పద్ధతికి మూలం కూడా ఈ తిరుగు చూపే. గుర్తుంచుకోవలసింది ఒకటే, మొదట ఒక్క ఇంగ్లీషు మాటతో బయల్దేరితే లెక్కపెట్టడానికేమీ మిగలదు. రెండు మూడు కావాలి.

ఈ పద్ధతి కూడా చేతులెత్తేసే చోటుంది. మధ్య భాషలో తేడా అసలే లేకపోతే ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అది తిరిగి రాదు. సీసా కింద మీరు ‘మేము ఇంట్లో చేసినవి’ అని వేస్తారనుకుందాం. మేము, మనం రెండూ ఇంగ్లీషులో వియ్. తమిళంలో మళ్ళీ రెండున్నాయి, మేముకు నాంగళ్, మనంకు నామ్. మధ్యలో ఒకటే ఉండటంతో రెండు తమిళ మాటలకూ సమానంగా మార్కులు పడతాయి. మీరు నామ్ అని వేస్తే కొనేవాళ్ళు కూడా మీతోపాటు కూర్చుని ముక్కలు కోసినట్టు అవుతుంది. ఇలాంటి చోట నిఘంటువు మూసేసి, ఆ నవ్విన తమిళావిడనే అడగండి. ‘ఏ మాట వేయాలి?’ అని కాకుండా, ‘మీరు లేకుండా మా ఇంటివాళ్ళమే చేశాం అని చెప్పాలంటే మీరెలా అంటారు?’ అని సందర్భం చెప్పి అడగండి. కన్నడానికి ఈ టెన్షన్ లేదు, వాళ్ళకిప్పుడు రెంటికీ నావు ఒక్కటే.