సైగాన్ సంతలో బేరం: నేను పోగొట్టుకున్నవి పోగా మీకు మిగిలేవి

తమ్ముడూ, వచ్చే నెల వియత్నాంలోని హో చి మిన్ సిటీలో, అంటే పాత సైగాన్‌లో దిగుతున్నానని, సంతలో ఎలా నెట్టుకురావాలని అడిగావు. వీసా సంగతి ఎంబసీ సైట్‌లో ఉంటుంది, చూసుకో. డబ్బు ఎలా జారిపోతుందో మాత్రం ఏ సైట్‌లోనూ ఉండదు.

నేను దిగిన వారానికే తాన్ దిన్ సంతలో పండ్లు కొన్నాను. అమ్మేవిడ 'చమ్ హాయ్' అంది. అప్పటికే అంకెలు బట్టీ పట్టిన మొనగాణ్ణి. చమ్ అంటే వంద, హాయ్ అంటే రెండు, కాబట్టి నూట రెండు వేలు అనుకుని లెక్కపెట్టి ఇచ్చాను. ఇంకా ఇమ్మంది. విదేశీయుణ్ణని మోసం చేస్తోందని గొంతు పెంచాను. పక్కనున్న కాలేజీ అమ్మాయి ఇంగ్లీషులో చెబితే తలెత్తుకోలేకపోయాను. చమ్ హాయ్ అంటే నూట ఇరవై. నూట రెండు కావాలంటే మధ్యలో 'లే' రావాలి: చమ్ లే హాయ్. మన రియల్ ఎస్టేట్ వాళ్లు లక్షా ఇరవై అంటే లక్షా ఇరవై వేలనే కదా, అలాంటిదే. 'చమ్ రూయ్' అంటే నూట యాభై, మన లక్షన్నరలో 'న్నర' లాగా.

ఇంకో సంగతి, ధర చెప్పేటప్పుడు వేలు అన్న మాట వాళ్లు చాలావరకు పలకరు. 'నమ్ చుక్' అంటే అయిదు పదులు, అంటే 50 వేల డాంగ్‌లు. మన రూపాయికి దాదాపు 300 డాంగ్‌లని లెక్కేసుకుంటే అది 170 రూపాయల లోపే. ఒకటి నుంచి పది వరకు: మొత్, హాయ్, బా, బోన్, నమ్, సావ్, బై, తామ్, చిన్, మూయ్. పదిహేనులోనూ ఇరవై అయిదులోనూ చివరి నమ్ కాస్తా 'లమ్' అవుతుంది. గొంతు ఎత్తి, దించి పలికే స్వరాల తేడాలు మనకు ఓ పట్టాన పట్టుబడవు, అందుకే నోటితో చెబుతూ వేళ్లు కూడా చూపించు. అక్షరమాలలో నేర్చుకుని పక్కన పడేసిన ఙ, ఞ మాత్రం ఇక్కడ పనికొస్తాయి. ధర అడగాలంటే 'బావ్ ఞీయూ', వెయ్యి అంటే 'ఙాన్'.

పిలుపు తప్పకూడదు. నీకంటే కాస్త పెద్దావిడ 'చీ', అంటే అక్క. మనకు తిట్టులా వినబడుతుంది కానీ తిట్టు కాదు. అమ్మ వయసావిడ 'కో'. పిలిచేటప్పుడు చివర 'ఓయ్' చేర్చాలి: కో ఓయ్! ఇక్కడ అది మర్యాదే.

ఇక బేరం. మొదట్లో ఓ రోజు పొద్దున్నే ఆరున్నరకు వెళ్లి, మామిడిపండ్లకు పావుగంట బేరమాడి, కొనకుండా వచ్చేశాను. వెనక్కి చూస్తే ఆవిడ కాగితం ముక్క వెలిగించి బుట్టల చుట్టూ తిప్పుతోంది. నా దిష్టే తీస్తోంది! బోణీ బేరం చెడగొట్టానన్నమాట. మన బజారులో పెరిగినవాణ్ణి, నాకు తట్టకపోవడమేమిటో. అందుకే కొనే ఉద్దేశం లేకపోతే పొద్దున్నే ధర అడగకు.

ఇప్పుడు నేను కొనే తీరు చెప్తాను. 'స్వాయ్ బావ్ ఞీయూ మొత్ కీ, కో?' మామిడి కిలో ఎంత అని. 'నమ్ చుక్.' నేను నవ్వుతూ 'మక్ క్వా, కో ఓయ్' అంటాను, చాలా ఎక్కువ అని. 'బోన్ చుక్ డుఅక్ ఖోమ్?' నలభైకి ఇస్తావా? ఆవిడ 'బోన్ లమ్' అంటుంది, నలభై అయిదు. అక్కడ ఆగిపోతాను. రెండు కిలోలు తీసుకుంటే 90 వేలు, 'చిన్ చుక్'. మామూలు సంతలో అంతకంటే పీకితే మొహం ముడుచుకుంటారు. బెన్ థాన్ సంతలో టూరిస్టులకు అమ్మే దుకాణాల్లో మాత్రం మొదటి ధర నమ్మకు, లేచి నాలుగడుగులు వెయ్యి, వెనక్కి పిలుస్తారు.

తిండి దగ్గర బేరం లేదు. గిన్నెడు నూడుల్స్‌కు బేరమాడితే నవ్వుతారు. 'చో ఎమ్ మొత్ తో' అని పదార్థం పేరు చెప్పు, నాకు ఒక గిన్నె ఇవ్వండి అని అర్థం. నువ్వు శాకాహారివైతే 'మాంసం వద్దు' అంటే సరిపోదు. ముక్కలు తీసేసి, ఎముకల రసంలోనే వడ్డించి, చేపల సాస్ పోసి ఇస్తారు. 'ఆన్ చై' అను. మన చాయ్‌లా వినబడే ఆ 'చై' శాకాహారం. బోర్డు మీద CHAY అని ఉన్న కొట్టు వెతుక్కో. చాంద్రమాసంలో మొదటి రోజు, పౌర్ణమి రోజు ఇక్కడివాళ్లు చాలామంది చై తింటారు, ఆ రోజుల్లో ఆ కొట్లు కిటకిటలాడతాయి.

చివరకు 'తిన్ తియెన్' అంటే లెక్క కడతారు. అక్కడే నా 1600 రూపాయలు పోయాయి. 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలమే. దీపాల వెలుతురులో చిన్నదనుకుని పెద్దది ఇచ్చేశాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. అప్పటినుంచి 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టుకుంటాను, సంతకు వెళ్లే రోజు అసలు తీసుకెళ్లను.