ఓవర్‌టైం ఫిర్యాదును యజమానే తేల్చవచ్చా?

ప్రశ్న: చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. 24 మంది కార్మికులు, వారిలో నలుగురు మహిళలు. సిబ్బంది వ్యవహారాలకు వేరే మనిషి లేడు. ఓవర్‌టైం గంటలు తగ్గించి రాస్తున్నారని ఒక పాలిషర్ సూపర్‌వైజరు మీద కాగితం ఇచ్చాడు. సూపర్‌వైజరు మా బావమరిది. నేనే ఇద్దరినీ పిలిచి తేల్చేయవచ్చా?

జవాబు: మీరు ఒక్కరే తేల్చడం సరికాదు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 4వ సెక్షన్ ప్రకారం, 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. అందులో యజమాని పక్షం, కార్మికుల పక్షం సమాన సంఖ్యలో ఉండాలి. మొత్తం సభ్యులు 10 మందికి మించకూడదు. అధ్యక్ష స్థానం ఏటా ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారాలి. మహిళల ప్రాతినిధ్యం కార్మికులలో వారి నిష్పత్తికి తగ్గకూడదు కనుక, ఆరుగురి కమిటీలో మీకు కనీసం ఒక మహిళ ఉండాలి.

ముగ్గురు, ముగ్గురు చొప్పున వేసుకోమనడానికి కారణం ఉంది. నిర్ణయానికి కమిటీలో మెజారిటీ చాలదు, కార్మిక సభ్యులలో సగానికి మించి అంగీకరించాలి. లేకపోతే నిర్ణయం జరగనట్లే లెక్క. ఇద్దరే కార్మిక సభ్యులుంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ముగ్గురుంటే ఇద్దరు చాలు. మీ బావమరిదిని మాత్రం కమిటీలో కూర్చోబెట్టకండి. ఆయన చెప్పేది సాక్ష్యంగా నమోదు చేయండి. యజమాని పక్షాన మీ అకౌంటెంటు ఉండవచ్చు.

ఫిర్యాదు అందిన తేదీ వేసి రసీదు ఇవ్వండి, ఎందుకంటే కమిటీ 30 రోజుల్లో విచారణ ముగించాలన్న లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. మాటలకంటే పుస్తకాలు ముఖ్యం. నెలకు 26 గంటలు చేశానని అతడు చెబుతుండగా రిజిస్టరులో 14 గంటలే ఉన్నాయనుకుందాం. గేటు పుస్తకంలో అతడు బయటికి వెళ్లిన వేళలను, ఆ రోజుల్లో పాలిష్ అయిన స్లాబుల లెక్కను రిజిస్టరు పక్కన పెట్టి చూడండి. నెలంతా ఒకే సిరాతో, ఒకే ఊపులో రాసినట్లున్న పేజీ ఏ రోజుకా రోజు రాసింది కాదని నా అనుభవం. రోజుకు 8 గంటలకు కూలి 640 రూపాయలైతే గంటకు 80, ఓవర్‌టైంకు రెట్టింపు 160; తగ్గిన 12 గంటలకు 1,920 రూపాయలు బాకీ తేలుతుంది. బాకీ నిజమని తేలితే వచ్చే జీతంతో కలిపి చెల్లించి, రిజిస్టరులో ఇకపై రోజూ కార్మికుడి సంతకం తీసుకోండి.

విచారణ సాగుతుండగా అతడి షిఫ్టు మార్చకండి, పనికి రావద్దనకండి. మీ ఉద్దేశం ఏదైనా అది కక్షగానే కనబడుతుంది. నిర్ణయం నచ్చకపోయినా, గడువులోగా తేలకపోయినా, అతడు తన సంఘం ద్వారా 60 రోజుల్లో రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు. అక్కడ మీరు చూపవలసింది ప్రతి సమావేశానికీ రాసి, సభ్యులందరి సంతకాలు తీసుకున్న మినిట్స్ పుస్తకమే.