సదస్సు చివర వందన సమర్పణ: మాస్టారి ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కాలేజీలో ఆగస్టు 28, 29 తేదీల్లో గిడుగు రామమూర్తి గారి సవర భాషా కృషి మీద సదస్సు పెడుతున్నారని, చివర్లో వందన సమర్పణ నీకు అప్పగించారని రాశావు. పోయినేడాది ఎవరో చదివిన కాగితం పంపారు, అందులో పేర్లు మార్చి చదివితే సరిపోతుందా అని అడిగావు. ఆ కాగితం పక్కన పెట్టు. దాంట్లో ఇరవై ఆరు పేర్లూ, అందరికీ ఒకటే విశేషణమూ ఉంటాయి. ఎవరి పేరు తీసి ఎవరి పేరు పెట్టినా తేడా తెలియని ధన్యవాదం వినేవాళ్లకు అక్కర్లేదు.

ఆ రెండో రోజు సాయంత్రం హాల్లో ఏం జరుగుతుందో ముందు ఊహించుకో. సర్టిఫికెట్లు చేతికి వచ్చేశాయి. పత్రాలు చదివినవాళ్లలో కొందరు టీఏ ఫారాల కోసం ఆఫీసు వైపు చూస్తుంటారు. ఇంకొందరికి ఆమదాలవలసలో రైలు అందుకోవాలి. అప్పటికే ముఖ్య అతిథి, అధ్యక్షులు, కన్వీనర్ ముగ్గురూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పేసుకుని ఉంటారు. నువ్వు మైకు దగ్గరకు వచ్చేసరికి బ్యాగుల జిప్పుల చప్పుడు మొదలవుతుంది. నీకున్నది మూడు నిమిషాలు, అంతే. నిదానంగా చదివితే రెండు వందల యాభై మాటలు పడతాయి. ఇంట్లో ఫోనులో టైమర్ పెట్టుకుని బయటికి చదివి చూడు, మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

అందుకని ఈ ప్రసంగం ముందురోజు రాత్రి రాసేది కాదు. సదస్సు జరుగుతున్న రెండు రోజులూ చిన్న నోట్‌బుక్ పట్టుకుని కూర్చుని రాయాల్సింది. ప్రతి వక్త దగ్గరా ఒకే ఒక్క విషయం రాసుకో. ఆయన చెప్పినవాటిలో అంతకుముందు నీకు తెలియనిది, లేదా హాలంతా తలెత్తి విన్నది. కాఫీ విరామంలో ఎవరు ఏం చేశారో కూడా రాసుకో. మొదటి రోజు ప్రొజెక్టర్ ఆగిపోతే మెట్లెక్కి దిగి ఇంకోటి తెచ్చిన కుర్రాడు ఎవరు? భోజనాల దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువమంది వస్తే మళ్లీ పొయ్యి వెలిగించింది ఎవరు? రెండో రోజు మధ్యాహ్నం భోజనం అవగానే వెనక బెంచీలో కూర్చుని ఇందులోంచి ఏరుకో. అప్పుడే అసలు రాత.

ఎలా ఏరాలో చూపిస్తాను. కీలకోపన్యాసం చేసినవారి గురించి మామూలుగా రాసేది ఇది: "తమ అమూల్యమైన ప్రసంగంతో మనల్ని ఉత్తేజపరచిన ఆచార్య ఫలానా గారికి హృదయపూర్వక ధన్యవాదాలు." తప్పేమీ లేదు, కానీ ఈ వాక్యాన్ని ఆయన వచ్చే వారం ఇంకో ఊళ్లో మళ్లీ వింటారు. నీ నోట్‌బుక్‌లో, గిడుగు వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకోవడమే కాకుండా, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారని ఆయన చెప్పింది ఉందనుకో. అప్పుడు ఇలా రాయి: "గిడుగు వారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టిన సంగతి ఆచార్య ఫలానా గారు చెబుతుంటే, ఇక్కడున్న మా బి.ఇడి. విద్యార్థులు పెన్నులు తీశారు. అది నేను చూశాను. సార్, మీకు ధన్యవాదాలు." మాటలు పెద్దగా పెరగలేదు. కానీ ఆయన శ్రమ ఎక్కడికి చేరిందో ఆయనకు తెలిసింది. సీతంపేట వైపు నుంచి ఒక సవర పెద్దాయన వచ్చి తన భాషలో మాట్లాడితే, ఆయన్ని "ఆత్మీయ అతిథులు" అన్న గంపలో కలిపెయ్యకు. విడిగా చెప్పు, ఆయన వైపు తిరిగి చెప్పు. ఆ రెండు రోజుల చర్చంతా ఆ భాష గురించే కదా.

అందరికీ ఇలా ఒక్కో వాక్యం రాస్తే మూడు నిమిషాలు చాలవు, నిజమే. అందుకే నాలుగైదుగురికే విడిగా చెప్పు. మిగిలినవాళ్లను గుంపులుగా పిలువు: సమావేశాలకు అధ్యక్షత వహించినవారు, పత్రసమర్పకులు, కాలేజీ యాజమాన్యం, బోధనేతర సిబ్బంది. వరుస విషయంలో నీ తెలివి వాడకు, ఆహ్వాన పత్రికలో ఉన్న వరుసే పాటించు. దాన్ని తారుమారు చేస్తే నొచ్చుకునేవాళ్లు ఉంటారు, అది నీకు అనవసరమైన టెన్షన్. నిధులిచ్చిన సంస్థ పేరు మాత్రం మంజూరు ఉత్తరంలో ఎలా ఉందో అలాగే, ఒక్కసారి పూర్తిగా చెప్పు.

వరుస పత్రికలోంచి తీసుకో, పేర్లు మాత్రం వేదిక చూసి తీసుకో. పత్రికలో అచ్చైన ముఖ్య అతిథి రాకపోవచ్చు, ఆయన బదులు ఇంకొకరు కూర్చోవచ్చు. రానివారికి ధన్యవాదం చెప్పి, వచ్చినవారిని వదిలేసిన సభలు నేను చాలా చూశాను. ముగింపు సభ మొదలవగానే వేదిక మీద ఎవరున్నారో చూసి కాగితంలో పెన్నుతో సరిదిద్దుకో. పదవులు కూడా అప్పుడే సరిచూసుకో. యూనివర్సిటీ వాళ్ల దగ్గర ఆచార్య, డాక్టర్ తేడా చిన్న విషయం కాదు. ప్రొఫెసర్‌ని డాక్టర్ అంటే నవ్వి ఊరుకుంటారేమో గానీ, ఇంకా ప్రొఫెసర్ కానివారిని ఆచార్య అంటే పక్కనున్న సహోద్యోగి ముందు ఆయనే ఇబ్బంది పడతారు. ఇంటిపేరు పలకడం కష్టంగా ఉంటే టీ దగ్గర ఆయన్నే అడుగు.

కొన్ని మాటలు కొట్టెయ్యి. "సమయాభావం వల్ల క్లుప్తంగా ముగిస్తాను" అనేవాళ్లు ఎప్పుడూ క్లుప్తంగా ముగించరు. "పేరుపేరునా ధన్యవాదాలు" అంటూ ఒక్క పేరూ చెప్పకపోవడం కూడా అలాంటిదే. రెండు రోజుల ప్రసంగాల సారాంశం మళ్లీ చెప్పకు, అది నివేదిక చదివినవారి పని. పద్యంతో ముగించాలని సరదా ఉంటే ఇంకో సభకు దాచుకో. "ఎవరినైనా మరచిపోతే మన్నించండి" అన్న వాక్యం వద్దనను గానీ, దాన్ని నమ్ముకుని వంటవాళ్లనూ మైకు అబ్బాయినీ వదిలెయ్యకు. వాళ్లిద్దరినీ కచ్చితంగా చెప్పు, వీలైతే వాళ్లు హాల్లో ఉండగా. వంట మేస్త్రిని ఐదు నిమిషాలు ముందే పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టమని విద్యార్థులకు చెప్పి ఉంచు.

కన్వీనర్ గారికి చెప్పే మాట నీ వంతు, ఎందుకంటే ఆయన గురించి ఆయన చెప్పుకోలేరు. వాళ్ల ఇంట్లో ఎన్ని నిద్రలేని రాత్రులు గడిచాయో వర్ణించకు. ఆయన చేసిన ఒక పని చెప్పు చాలు.

ప్రేక్షకులకు చివర్లో చెప్పు. భోజనం తర్వాత ఉక్కపోతలో కూడా కూర్చుని, ప్రశ్నలడిగినవాళ్లకు రెండు వాక్యాలు. ఒక మంచి ప్రశ్న నీ నోట్‌బుక్‌లో ఉంటే, అడిగినమ్మాయి పేరు తెలియకపోయినా సరే, ఆ ప్రశ్న గుర్తుచెయ్యి.

చదివేటప్పుడు జిప్పుల చప్పుడు పెరిగితే, గుంపుల పేర్లలో రెండు వదిలేసి ప్రేక్షకుల దగ్గరికి దూకు. అందుకే ఏవి వదలొచ్చో ముందే పెన్సిల్‌తో బ్రాకెట్లు పెట్టుకో. జాతీయ గీతం పాడే పిల్లల్ని నువ్వు లేవకముందే వేదిక పక్కకు రమ్మని చెప్పు. లేకపోతే నీ చివరి మాటకూ వాళ్ల మొదటి మాటకూ మధ్య సగం హాలు ఖాళీ అయిపోతుంది. "అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను" అని, మైకు వాళ్లకిచ్చి పక్కకు జరుగు.

రాశాక ఒక కాపీ నాకు వాట్సాప్‌లో పంపు. రెండో రోజు మధ్యాహ్నమే అయినా ఫరవాలేదు, నేను ఖాళీగానే ఉంటాను.

నీ మాస్టారు