కాలిన ముక్కలో ఏ రాజు?

తమ్ముడూ,

నీ కథ రాత్రి చదివా, పొద్దున్నే లేచి మళ్ళీ చదివా. నాలుగో పేజీ దగ్గర మాత్రం రెండుసార్లూ ఆగిపోయా. పొయ్యిలో సగం కాలిన పేకముక్క దొరుకుతుంది, ఎస్సై దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి "ఇది ఆఠీను రాజు" అంటాడు, మొత్తం కథ ఆ ఒక్క మాట మీదే నిలబడింది కదా. అక్కడ నువ్వేం రాశావంటే "మీసం మెలేసి, గొడ్డలి పట్టుకుని, ఎర్రబట్టలేసుకున్న రాజు" అని. గొడ్డలీ మీసమూ ఆఠీను రాజుకి ఉండవు, ఎర్రబట్టల సంగతి తర్వాత చెప్తా. పేక ఆడే ఏ పాఠకుడైనా అక్కడే పుస్తకం పక్కన పెట్టేస్తాడు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు మీ ఇంట్లో పేక కట్ట తీసి నాలుగు రాజుల్నీ వరసగా పరుచు. మూలల్లో ఉన్న అక్షరం, గుర్తు కనపడకుండా కాగితం ముక్కలు పెట్టు, బొమ్మ పక్కనుండే పెద్ద గుర్తు కూడా మూసెయ్యి. నీ ఎస్సై చేతిలో ఉన్నది అదే, గుర్తు ఉండే ఎడమ మూల కాలిపోయి మొహమూ భుజాలూ మిగిలిన పై సగం. ఇప్పుడు ఒక్కొక్కటే చూసుకుంటూ రా.

మొదట తల. కిరీటం ఉంటే రాజో రాణో, మెత్తటి టోపీ ఉంటే జాకీ. గడ్డం ఉంటే రాజే. కిరీటం మనకి హోదా చెప్తుంది గానీ ఏ గుర్తో చెప్పదు, నాలుగు రాజుల కిరీటాల్లో చిన్న చిన్న తేడాలున్నా ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది, వాటిని నమ్ముకుని ఎస్సై చేత మాట అనిపించకు. బట్టలు కూడా అంతే. బొమ్మలకి ఎరుపు, పసుపు, నీలం, నలుపు అన్నిట్లోనూ కలిపే వాడతారు, ఇస్పేటు రాజు ఒంటి మీదా ఎరుపు ఉంటుంది. ఎర్రబట్టలు కాబట్టి ఆఠీను అనుకోవడం చాలామంది చేసే పొరపాటే.

ఇప్పుడు మొహం. నాలుగు రాజుల్లో డైమను రాజు ఒక్కడే పక్కకి తిరిగి ఉంటాడు, ఒక కన్నే కనిపిస్తుంది. మిగతా ముగ్గురికీ రెండు కళ్ళూ కనిపిస్తాయి. ఆ ముగ్గురిలో గడ్డం ఉండి మీసం లేనివాడు ఆఠీను రాజు. మీసం దగ్గర గీత ఉందా లేదా అన్నది ఎస్సై దగ్గరగా పట్టుకుని చూడాల్సిన విషయం, నీ సీన్‌కి కావాల్సిన క్షణం కూడా అదే.

ఆ తర్వాత చెయ్యి. డైమను రాజు దగ్గరుండేది గొడ్డలి, మిగతా ముగ్గురి దగ్గరా కత్తులే. ఇస్పేటు రాజు కత్తి నిలువుగా పట్టుకుంటాడు, కళావరు రాజూ అంతే, కాకపోతే కళావరు రాజు బొమ్మలో పైన శిలువ ఉన్న గుండ్రటి గోళం కూడా ఉంటుంది, రెండు తలల ముక్కలో అది కాస్త ఇరుక్కుపోయి ఉంటుంది కాబట్టి చాలామంది గమనించరు. ఆఠీను రాజు కత్తి మాత్రం తల వెనక్కి పోతుంది, చూస్తే తన తలలోకి తనే పొడుచుకుంటున్నట్టు ఉంటుంది, ఇంగ్లీషు వాళ్ళు అందుకే ఆయన్ని ఆత్మహత్య రాజు అంటారు.

ఆ కత్తి వెనక కథ నాకు చాలా ఇష్టం, చెప్పకుండా ఉండలేను. మనం ఆడే బొమ్మలు ఫ్రాన్సులో రువాన్ అనే ఊరి ముక్కల నుంచి వచ్చాయి. 1628లో లండన్లో పేకముక్కలు చేసేవాళ్ళ సంఘానికి రాజుగారు చార్టర్ ఇచ్చి, బయటి దేశాల ముక్కలు రాకుండా ఆపించాడు, అక్కడి పనివాళ్ళు పాత బొమ్మలనే చెక్క అచ్చుల మీద చెక్కుకుంటూ, ఆ అచ్చుని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు చెక్కుకుంటూ పోయారు. రువాన్ ముక్కల్లో ఆఠీను రాజు చేతిలో ఉన్నది గొడ్డలే. ఇలా చూసి చెక్కడంలో గొడ్డలి తల ఎగిరిపోయి కర్ర మిగిలింది, ఆ కర్ర కాస్తా కత్తి అయింది. కాబట్టి నీ ఎస్సై చేతిలో గొడ్డలి ఉన్న ఆఠీను రాజు కావాలంటే కథ రాజమండ్రిలో కాదు, నాలుగొందల ఏళ్ళ కిందటి రువాన్లో జరగాలి.

ఇంకోటి, నీ ఎస్సై ఆ రాజుని పాతకాలం చక్రవర్తి చార్లెమేన్ అంటాడు. ఇంటర్నెట్లో ఎక్కడ చూసినా అదే ఉంటుంది, నువ్వు నమ్మడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పేర్లు ఫ్రాన్సు ముక్కలవి, అక్కడ ఆఠీను రాజు చార్లెస్, అంటే ఆ చార్లెమేనే, ఇస్పేటు రాజు దావీదు, పేర్లు ముక్క మీదే అచ్చేస్తారు, దావీదు పక్కన వీణలాంటి హార్ప్ కూడా గీస్తారు. మన ముక్కల్లో పేర్లూ లేవు, ఆ హార్పూ లేదు, అందుకని ఆ వాక్యం తీసెయ్.

కథలో తర్వాత ఇస్పేటు రాణి కూడా వస్తుంది కదా. నాలుగు రాణుల చేతుల్లోనూ పువ్వు ఉంటుంది, కాబట్టి పువ్వుని బట్టి ఏ రాణో చెప్పలేం. ఇస్పేటు రాణి ఒక్కదాని దగ్గరే పువ్వుతో పాటు రాజదండం ఉంటుంది. జాకీల్లో ఇస్పేటు, ఆఠీను ఇద్దరూ పక్కమొహాలు, ఒంటికన్ను వాళ్ళు, ఆ ఇద్దరిలో ఆకు పట్టుకున్నవాడు ఆఠీను జాకీ.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది, ఇవన్నీ ఇంగ్లీషు పద్ధతి కట్టలకే పనికొస్తాయి. జర్మనీలో బవేరియా వైపు పాత కట్టల్లో రాణి అసలు ఉండదు, రాజు కింద ఓబర్, ఉంటర్ అని ఇద్దరు మగాళ్ళుంటారు, ఇద్దరూ చూడ్డానికి ఒక్కలాగే ఉండొచ్చు, గుర్తు పైభాగంలో ఉంటే ఓబర్, కిందికి ఉంటే ఉంటర్. ఆ ముక్క పైభాగం కాలిపోతే ఎస్సై ఏమీ చెప్పలేడు. అందుకే హత్య జరిగిన ఇంట్లో వాడిన కట్ట ఏ రకమో రెండో పేజీలోనే ఎక్కడో ఒక చోట మామూలుగా చూపించు, వంటింట్లో వాళ్ళమ్మ రమ్మీ ఆడినట్టో, పిల్లలు ముక్కలతో ఇల్లు కట్టినట్టో.

నువ్వు రెండో కథ 1840ల లండన్లో పెడతానన్నావు కాబట్టి అదీ చెప్పేస్తా. అప్పటి ముక్కల మూలల్లో అక్షరాలుండవు, బొమ్మలు కూడా నిలువెత్తువి, కాళ్ళతో సహా, రెండు తలలు కాదు. ముక్క తలకిందులుగా వస్తే ఆడేవాడు తిప్పి పట్టుకునేవాడు, ఎదుటివాడు అది చూసి వీడి చేతిలో బొమ్మ ఉందని పసిగట్టేవాడు. తర్వాత మూలల్లో అక్షరాలు వచ్చాక జాకీని నేవ్ అని పిలిచే అలవాటు వల్ల గొడవ వచ్చింది, దాని గుర్తు `Kn`, రాజు గుర్తు `K`, చేతిలో ముక్కలు విసనకర్రలా దగ్గరగా పట్టుకుంటే రెండూ ఒకటే అనిపించేవి, అందుకే `J` పెట్టారు. నీ లండన్ కథలో మూలన `J` చూసి ఎవరూ ఏమీ కనిపెట్టకూడదు.

నాలుగో పేజీ మాత్రం ముందు మార్చు. ఎస్సై మొదట కిరీటం చూస్తాడు, తర్వాత గడ్డం, రెండు కళ్ళూ కనిపిస్తున్నాయి కాబట్టి డైమను కాదంటాడు, పై పెదవి మీద మసి అంటుకుని ఉంటే బొటనవేలితో మెల్లగా తుడుస్తాడు, కింద మీసం ఉండదు. అప్పుడు తల వెనక కత్తి అంచు కనిపిస్తుంది. ఆ పేజీ రాసి పంపు, మిగతా కథ మీద తర్వాత మాట్లాడదాం.

నీ అన్నయ్య