ముగ్గురు ఎక్కారన్న కారణంతో పరిహారం తగ్గించవచ్చా?

ప్రశ్న: రెండు నెలల క్రితం తెనాలి నుంచి గుంటూరు వస్తూ బండి మీద ముగ్గురం ఉన్నాం. నేను నడుపుతున్నాను, మధ్యలో మా బావమరిది, చివర అతని స్నేహితుడు. ముందు వెళ్తున్న కారు సిగ్నల్ ఇవ్వకుండా ఎడమ సందులోకి తిరిగింది. బ్రేక్ వేశాను కానీ బండి ఆగక కారును గుద్దింది. బావమరిదికి కాలు విరిగింది, స్నేహితుడికి తలకు దెబ్బ. నేను చిన్న దెబ్బలతో బయటపడ్డాను. ట్రిపుల్ రైడింగ్ చలానా వెయ్యి రూపాయలు కట్టేశాను, అయినా లైసెన్సు తీసుకెళ్ళి ఇంకా ఇవ్వలేదు. ముగ్గురు ఎక్కారు కాబట్టి పరిహారం రాదు, వచ్చినా సగమే అని కారు ఇన్సూరెన్స్ వాళ్ళు అంటున్నారు. నిజమేనా? ఊళ్ళో అందరూ ఎక్కుతూనే ఉంటారు, ఇందులో అంత నేరం ఏముంది?

జవాబు: చలానా, పరిహారం రెండూ వేర్వేరు లెక్కలు. ఇన్సూరెన్స్ వాళ్ళు కావాలనే వాటిని కలిపి మాట్లాడుతున్నారు. ముందు చలానా సంగతి చూద్దాం.

మోటారు వాహనాల చట్టం 1988లోని 128వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనం నడిపేవారు తమతో పాటు ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఆ ఒక్కరు కూడా డ్రైవరు వెనుక, బండికి గట్టిగా బిగించిన సీటు మీదే కూర్చోవాలి. పిల్లలైతే లెక్కలోకి రారని చాలామంది అనుకుంటారు, కానీ ఈ సెక్షన్‌లో వయసు మినహాయింపు లేదు. పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టిన పసివాడూ, స్కూటర్ ముందు భాగంలో నిలబెట్టిన పాపా లెక్కలోకి వస్తారు. పైగా వాళ్ళు ఉన్నది డ్రైవరు వెనుక కాదు కాబట్టి ఆ రకంగానూ ఉల్లంఘనే. భార్యాభర్తలు, మధ్యలో ఒక బిడ్డ కూర్చుంటే చట్టం దృష్టిలో అది ట్రిపుల్ రైడింగే. పిల్లలకు ఇందులో సడలింపు ఇవ్వమని 2023లో కేరళ ప్రభుత్వం కేంద్రాన్ని అడిగింది. కేంద్రం ఒప్పుకోలేదు.

శిక్ష 194సి సెక్షన్‌లో ఉంది. 2019 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అంటుంది. డబ్బు కట్టి రసీదు తీసుకుంటే రాజీ అయినట్టే కదా అని మీరు అనుకున్నారు. జరిమానా వరకూ అది నిజమే. కానీ ఈ తప్పులో పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని రవాణా అధికారికి పంపాలని 206వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ చెబుతుంది. రాజీ కట్టినా ఆ ప్రక్రియ ఆగదని 200వ సెక్షన్‌లోనే రాసి ఉంది. మీ లైసెన్సు ఎక్కడో పోయిందని టెన్షన్ పడకండి, అది ఆర్టీఓ ఆఫీసుకు చేరి ఉంటుంది. అనర్హత వేసే ముందు మీ వాదన వినాలి కాబట్టి నోటీసు వస్తే రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ ఉత్తర్వు అమల్లో ఉన్నన్నాళ్ళు బండి ముట్టుకోవద్దు. ఆ సమయంలో నడిపి ఇంకో ప్రమాదం జరిగితే ఇప్పటి తలనొప్పి చాలా చిన్నదనిపిస్తుంది.

ఇక పరిహారం. ఇక్కడ మీకు అండగా నిలిచేది మహ్మద్ సిద్దిఖీ వర్సెస్ నేషనల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన తీర్పు. అందులోనూ బండి మీద ముగ్గురున్నారు, వెనుక నుంచి కారు గుద్దింది. ముగ్గురిలో ఒకరిగా వెళ్తూ చనిపోయిన యువకుడి తప్పు కొంత ఉందని హైకోర్టు పరిహారంలో కోత పెట్టింది. సుప్రీంకోర్టు ఆ కోతను తీసేసింది. ముగ్గురు ఎక్కడం చట్టవిరుద్ధమే కావచ్చు, కానీ అలా ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందనో, దెబ్బ తీవ్రత పెరిగిందనో రుజువు కావాలి, ఉల్లంఘన ఒక్కటే చాలదు అన్నది ఆ తీర్పు సారాంశం.

అయితే సిద్దిఖీ కేసులో కారు వెనుక నుంచి వచ్చి గుద్దింది. అలాంటప్పుడు బండి మీద ఇద్దరున్నా ముగ్గురున్నా ఫలితంలో తేడా ఉండదు. మీ కేసులో బ్రేక్ వేసినా బండి ఆగలేదు. అవతలి లాయరు పట్టుకునేది సరిగ్గా ఇక్కడే. నేరం ఏముందని మీరడిగిన దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. ఇలాంటి చాలా బండ్ల మాన్యువల్‌లో మోయగల బరువు 130 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. అంటే ఇద్దరు పెద్దవాళ్ళతోనే దాదాపు నిండిపోతుంది. ఒకరు 70, ఇంకొకరు 65 కిలోలు అనుకుంటే బండితో కలిపి 245 కిలోలు. మూడో మనిషి ఇంకో 65 కిలోలైతే మొత్తం 310. బ్రేకులు అరిగించి తీసేయాల్సిన చలన శక్తి అదే నిష్పత్తిలో, అంటే పావు వంతుకు పైగా పెరిగింది. కానీ బ్రేకు డ్రమ్ము అదే, లివర్ నొక్కే చెయ్యి అదే. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఇద్దరితో 20 మీటర్లలో ఆగే బండి, అంతే బలంతో బ్రేక్ వేస్తే ముగ్గురితో 25 మీటర్లు దాటి గానీ ఆగదు. ఐదు మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఇద్దరితో బండి పూర్తిగా ఆగిపోయే ఆ 20వ మీటరు దగ్గర, ముగ్గురున్న బండి ఇంకా గంటకు 23 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. కాలు విరగడానికి ఆ వేగం చాలు.

దీనికి అవతలి పక్షం ఒప్పుకోవాల్సిన పరిమితి ఒకటి ఉంది. బరువు పెరిగితే టైరు రోడ్డును పట్టుకునే బలమూ పెరుగుతుంది. కాబట్టి బ్రేకులో ఇంకా సత్తా ఉండి, నడిపేవాడు గట్టిగా నొక్కగలిగితే ఈ తేడా తగ్గుతుంది. అసలు చిక్కు ఆ నొక్కడం దగ్గరే వస్తుంది. ముగ్గురు కూర్చుంటే నడిపే మనిషి ట్యాంకు మీదికి జరిగిపోతాడు, కుడి పాదం బ్రేక్ పెడల్ మీద సరిగా ఆనదు. బ్రేక్ పడగానే వెనుక ఇద్దరి బరువూ వచ్చి వీపు మీద పడుతుంది, ఆ తోపుకు చేతులు హ్యాండిల్ మీద బిగుసుకుపోతాయి. ఇక తిప్పి తప్పించుకునే అవకాశమే ఉండదు.

చివరి మనిషి కూర్చునే చోటు ఇంకో సమస్య. అతని బరువు వెనుక చక్రం ఇరుసుకు వెనక్కి పడుతుంది. తూగుడుబల్లలో ఒక కొస నొక్కితే రెండో కొస లేచినట్టు ముందు చక్రం మీద భారం తగ్గుతుంది. ఆపడంలో ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే, దిశ మార్చేదీ ముందు చక్రమే. అది తేలికైతే తక్కువ వేగంలో హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా బ్రేక్ పట్టగానే ముందు టైరు పట్టు తప్పే ప్రమాదం పెరుగుతుంది. పైగా మూడో మనిషికి కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ ఉండదు. కాళ్ళకు ఆధారం లేని మనిషి మలుపులో బండితో పాటు వాలలేడు, ఎదురు వైపుకు ఒరుగుతాడు. ఆ ఒరుగుడును సరిచేసే పని నడిపేవాడి చేతుల మీద పడుతుంది. రాత్రిపూట వెనుక సస్పెన్షన్ కుంగి హెడ్‌లైట్ ఆకాశం వైపు చూడటం వేరే సంగతి.

ఇవన్నీ ఇన్సూరెన్స్ వాళ్ళు పరిహారం కేసు విచారించే ట్రిబ్యునల్‌లో నోటిమాటగా చెబితే సరిపోదు. నాకు తెలిసినంతలో వాళ్ళు సాధారణంగా చలానా కాపీ దాఖలు చేసి ఊరుకుంటారు. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదికలో బ్రేకుల గురించి ఏం రాశారు, రఫ్ స్కెచ్‌లో టైరు జారిన గీత ఎంత పొడవుంది, కారు తిరిగిన చోటికి మీరు ఎంత దూరంలో ఉన్నారు అన్నవి తేలాలి. కారు పది మీటర్ల ముందు అడ్డం తిరిగి ఉంటే, 50 వేగంలో మీరు ప్రమాదం గ్రహించేలోపే సెకనుకు 14 మీటర్లు పోతారు. అప్పుడు బండి మీద ఒక్కరే ఉన్నా గుద్దేది. ఆ దూరం 35 మీటర్లైతే వాళ్ళ వాదనకు బలం ఉంటుంది. అందుకే ఎఫ్ఐఆర్‌తో పాటు పంచనామా, స్కెచ్, ఇన్‌స్పెక్టర్ నివేదిక కాపీలు ఇప్పుడే తీసుకోండి. ఆ సందు దగ్గర షాపుల కెమెరాలు ఉంటే ఫుటేజీ అడగండి, చాలా చోట్ల పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది.

మీ బావమరిది, అతని స్నేహితుడి స్థితి మీకన్నా మెరుగు. బండి నడిపింది వాళ్ళు కాదు. కారు డ్రైవరు తప్పు, మీ తప్పు రెండూ కలిసి వాళ్ళకు దెబ్బ తగిలితే అది ఇద్దరి ఉమ్మడి నిర్లక్ష్యం. అలాంటప్పుడు బాధితుడు మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుంచైనా వసూలు చేసుకోవచ్చని ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి మీరు సరిగా నడపలేదని చెప్పి వాళ్ళ పరిహారంలో సగం కోసేయడం కుదరదు. స్నేహితుడి విషయంలో మాత్రం ఒక ప్రశ్న వస్తుంది. అతను హెల్మెట్ లేకుండా ఉన్నాడా? నాలుగేళ్ళు దాటిన వెనుక మనిషికీ హెల్మెట్ తప్పనిసరి. దెబ్బ తలకే తగిలింది కాబట్టి, హెల్మెట్ ఉంటే గాయం తగ్గేదని డాక్టరు సాక్ష్యంతో చూపిస్తే కొంత కోత పడవచ్చు. బావమరిది కాలికి ఈ వాదన వర్తించదు.

ఇప్పుడు మీకు ఇబ్బంది కలిగించే మాట. వాళ్ళకు పూర్తి పరిహారం చెల్లించిన కారు ఇన్సూరెన్స్ కంపెనీ, మీ వాటాగా తేలిన శాతాన్ని మీ నుంచి రాబట్టుకునే హక్కు అడగవచ్చు. మీ బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే వెనుక కూర్చున్నవాళ్ళకు అది వర్తించదని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. అప్పుడు ఆ భారం మీ జేబు మీదే పడుతుంది. ప్యాకేజీ పాలసీ ఉంటే వెనుక కూర్చున్నవారికి రక్షణ ఉంటుంది, కానీ ఇద్దరికి రాసిన పాలసీలో మూడో మనిషి విషయంలో కంపెనీ గట్టిగా అభ్యంతరం పెడుతుంది. పాలసీ కాగితం తీసి అది ఏ రకం పాలసీయో చూసుకోండి.

పిటిషన్ మీరు ముగ్గురూ కలిసి ఒకే లాయరుతో వేయకండి. మీ ప్రయోజనం, వాళ్ళ ప్రయోజనం ఒకటి కాదు, వాళ్ళ కేసులో మీరు ప్రతివాది కావాల్సి రావచ్చు. 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. ఆ గడువు మీద కోర్టుల్లో సవాలు నడుస్తున్నా, దాన్ని నమ్ముకుని ఆగవద్దు. మీకు ఇంకా నాలుగు నెలలు ఉంది. మధ్యలో ఇన్సూరెన్స్ ఏజెంటు సగానికి సెటిల్‌మెంట్ కాగితం తెస్తే, బావమరిది కాలికి రాడ్డు తీసే రెండో ఆపరేషన్ ఉందో లేదో డాక్టరు రాసిచ్చేదాకా సంతకం పెట్టవద్దని చెప్పండి.